రామన్ ప్రొఫెసర్ అయింది 1914లోనా, 1917లోనా?

సి.వి. రామన్ కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎప్పుడయ్యారు? ఒక పుస్తకంలో 1914 అని ఉంటుంది, ఇంకో పుస్తకంలో 1917 అని ఉంటుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఏదో ఒకటి బట్టీపట్టి వదిలేస్తారు. నిజానికి రెండు సంవత్సరాలకూ ఆధారాలున్నాయి. ఒకటి ఆయన్ను ఎంపిక చేసిన సంవత్సరం, మరొకటి ఆయన వచ్చి పనిలో చేరిన సంవత్సరం. మధ్యలో మూడేళ్లకు పైగా ఆయన ఆర్థిక శాఖలో లెక్కలు చూసే అధికారిగానే జీతం తీసుకున్నారు.

ఒక శాస్త్రవేత్త ఏ ఏడు ఎక్కడ, ఏ హోదాలో పనిచేశాడో తేల్చుకోవాలంటే జీవిత చరిత్రలకంటే ముందు చూడాల్సినవి యూనివర్సిటీ క్యాలెండర్లు, కాలేజీల సిబ్బంది జాబితాలు. జీవిత చరిత్ర చాలాసార్లు ముప్పై, నలభై ఏళ్ల తర్వాత జ్ఞాపకం మీద రాసినది. క్యాలెండర్ అప్పటికప్పుడు అచ్చయినది. అయితే దాన్ని చదవడానికి ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే అచ్చులో ఉన్న సరైన సమాచారం నుంచే తప్పు నిర్ధారణకు వస్తాం. రామన్ ఉద్యోగ జీవితాన్నే తీసుకుని ఆ పద్ధతి ఎలా ఉంటుందో చూద్దాం. ఆయన కలకత్తా రోజుల్లో ఈ పనికి సంబంధించిన చిక్కులు దాదాపు అన్నీ ఉన్నాయి.

యూనివర్సిటీ క్యాలెండర్ అంటే ఏడాదికోసారి విశ్వవిద్యాలయం అచ్చువేసే లావుపాటి పుస్తకం. సెలవులు, పరీక్షల తేదీలు, సెనేట్, సిండికేట్ సభ్యుల పేర్లు, కోర్సుల నిబంధనలు, దాతలు ఇచ్చిన నిధుల వివరాలు, ప్రొఫెసర్లు, రీడర్లు, లెక్చరర్ల జాబితా, అనుబంధ కాలేజీలు, డిగ్రీలు పుచ్చుకున్నవారి పేర్లు అందులో ఉంటాయి. పేజీ నిండా చిన్న అక్షరాలు. ఒక్కో అధ్యాపకుడికి దక్కేది ఒకటి, రెండు పంక్తులు: పేరు, పేరు వెనక డిగ్రీలు, హోదా. మనకు కావలసిన సమాచారమంతా ఆ ఒక్క పంక్తిలోనే ఉంటుంది.

ఆ పంక్తి ఏ తేదీ నాటిదన్నది మొదట తేల్చుకోవాలి. అట్ట మీద 1918 అని ఉన్నంత మాత్రాన లోపలి జాబితా 1918 నాటిదని అనుకోకూడదు. పేర్లు పోగుచేయడానికీ, ప్రూఫులు దిద్దడానికీ, అచ్చువేయడానికీ నెలలు పడుతుంది. ఆ మధ్యలో ఒకరు రాజీనామా చేసి ఉండవచ్చు, మరొకరు చేరి ఉండవచ్చు. అందుకే ఒక పేరు మొదటిసారి కనబడిన క్యాలెండర్‌ను చూసి “ఈ ఏడే చేరాడు” అని రాయకూడదు. “అప్పటికే నియమించారు” అన్నంతవరకే రాయాలి. పేరు చివరిసారి కనబడిన సంచికతోనూ ఇదే జాగ్రత్త అవసరం. పాత జాబితాను యథాతథంగా మళ్లీ కూర్చేటప్పుడు వెళ్లిపోయినవారి పేరు ఒక ఏడాది అలాగే ఉండిపోవచ్చు. అందుకని ఒక్క సంచిక చూసి ఊరుకోకుండా ముందు ఏడాదిదీ, తర్వాతి ఏడాదిదీ పక్కన పెట్టుకోవాలి. పేరు లేని ఆఖరి జాబితాకూ పేరున్న మొదటి జాబితాకూ మధ్య ఎక్కడో అసలు తేదీ ఉంటుంది. ఆ తేదీ కోసం వేరే పుస్తకాలు తెరవాలి.

ఆ వేరే పుస్తకాల్లో ముఖ్యమైనవి సెనేట్, సిండికేట్ మినిట్స్. ఫలానా రోజు సమావేశంలో ఫలానా వ్యక్తిని నియమించాలని తీర్మానించారని అందులో తేదీతో సహా ఉంటుంది. సెలవు మంజూరులు, జీతాల నిర్ణయాలు, రాజీనామాలు కూడా అక్కడే దొరుకుతాయి. ప్రభుత్వోద్యోగం చేసినవారైతే సివిల్ లిస్టులు, గెజిట్లు ఉన్నాయి. పరిశోధనా సంస్థల్లో పనిచేసినవారికి ఆ సంస్థల వార్షిక నివేదికలు ఆధారం. వీటన్నిటినీ కలిపి చదివితేనే కథ నిలబడుతుంది.

ఇక రామన్ విషయానికి వద్దాం. 1907లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఎం.ఏ. పూర్తిచేసి, ఆ ఏడే ఆర్థిక శాఖ పరీక్ష నెగ్గి, అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా కలకత్తా వెళ్లారు. 1909లో రంగూన్‌కూ, 1910లో నాగపూర్‌కూ బదిలీ అయ్యారు. 1911లో మళ్లీ కలకత్తా వచ్చారు. ఈ పదేళ్ల ఉద్యోగంలో ఆయన పేరు వెతకాల్సింది ప్రభుత్వ జాబితాల్లో. విశ్వవిద్యాలయ క్యాలెండర్ మాత్రమే చూసేవారికి ఆయన పరిశోధన మొదలైన సంగతే తెలియదు. ఎందుకంటే ఆఫీసుకు ముందూ, ఆఫీసు అయ్యాకా బౌబజారు వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో ఆయన ప్రయోగాలు చేసుకునేవారు. 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ స్థాపించిన ఆ సంస్థ విశ్వవిద్యాలయంలో భాగం కాదు. అక్కడి పని ఆయనకు జీతం తెచ్చిన ఉద్యోగమూ కాదు.

1912లో న్యాయవాది తారకనాథ్ పాలిత్ కలకత్తా విశ్వవిద్యాలయానికి భారీగా డబ్బు, ఆస్తి ఇచ్చారు. దాంతో భౌతిక శాస్త్రానికి ఒక ప్రొఫెసర్ పదవి, రసాయన శాస్త్రానికి ఒకటి ఏర్పడ్డాయి. ఆ పదవుల్లో భారతీయులే ఉండాలన్నది దాత షరతు. ఏటా బడ్జెట్‌లో నుంచి జీతమిచ్చే మామూలు ఉద్యోగాల వంటివి కావు ఇవి. దాత ఇచ్చిన నిధి మీద వచ్చే ఆదాయంతో నడిచేవి, దాత పేరుతోనే పిలిచేవి. ఇంగ్లీషులో వీటినే చైర్లు అంటారు, మనం పీఠాలు అంటున్నాం. అప్పటి వైస్ చాన్సలర్ అశుతోష్ ముఖర్జీ భౌతిక శాస్త్ర పీఠానికి రామన్‌ను అనుకున్నారు. 1914 జనవరిలో సెనేట్ ఆయన్ను ఎంపిక చేసింది. ఆ మార్చిలోనే యూనివర్సిటీ సైన్స్ కాలేజీకి శంకుస్థాపన జరిగింది.

అయితే విదేశాల్లో శిక్షణ పొంది రావాలన్న నిబంధన ఒకటి అడ్డొచ్చింది. రామన్ వెళ్లనన్నారు. ఇక్కడే ఉండి పరిశోధన చేసి పేరు తెచ్చుకున్న తనకు ఆ షరతు వర్తింపజేయడం సరికాదన్నది ఆయన పట్టు. చివరికి విశ్వవిద్యాలయమే దిగొచ్చింది. 1917 జులైలో ప్రభుత్వోద్యోగం వదులుకుని, అంతకంటే తక్కువ జీతానికి, ఆయన పాలిత్ ప్రొఫెసర్‌గా చేరారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు రాయాలంటే ఒక్క సంవత్సరం సరిపోదు. పీఠం పుట్టింది 1912లో, ఎంపిక 1914లో, చేరిక 1917లో. ఎవరి ఉద్యోగ చరిత్ర రాస్తున్నా ఈ మూడింటికీ వేర్వేరు గళ్లు పెట్టుకోవాలి. వదిలిన తేదీకి నాలుగో గడి ఉండాలి. ఒక పుస్తకంలో 1914 కనబడితే దాన్ని కొట్టేయకుండా ఎంపిక గడిలో వేయాలి. రెండు పుస్తకాల మధ్య తగాదా అనుకున్నది చాలాసార్లు ఇలా రెండు గళ్లలోకి సర్దుకుంటుంది. సర్దుకోనప్పుడే ఎవరో ఒకరు పొరబడ్డారని అనుమానించాలి.

అదే సైన్స్ కాలేజీలో ఇంతకంటే చిక్కైన సంగతి ఉంది. మరో న్యాయవాది రాస్‌బిహారీ ఘోష్ 1913లో పది లక్షల రూపాయలిచ్చారు. ఆ నిధితో ఏర్పడిన భౌతిక శాస్త్ర పీఠానికి 1914లో దేవేంద్రమోహన్ బోస్‌ను నియమించారు. ఆయన జగదీశ్ చంద్రబోస్ మేనల్లుడు. నియామకం అయ్యాక పై చదువుల కోసం జర్మనీ వెళ్లారు. వెళ్లిన కొద్దికాలానికే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. బ్రిటిష్ పౌరుడు కాబట్టి శత్రుదేశంలో చిక్కుకుపోయారు. బెర్లిన్‌లో పరిశోధన చేసుకుంటూ ఉండి 1919లో గాని తిరిగి రాలేదు. అంటే కలకత్తాలో ఘోష్ ప్రొఫెసర్ పదవిలో ఒకరున్నట్టు లెక్క, ఆ మనిషి మాత్రం అయిదేళ్లు బెర్లిన్‌లో ఉన్నారు. 1916, 1917లలో కలకత్తా ఎం.ఎస్సీ. విద్యార్థులకు ఆయన పాఠాలు చెప్పారని ఎవరైనా రాస్తే, అది జాబితా ఒక్కటే చూసి రాసిన మాట. ఆ రోజుల్లో కొత్తగా లెక్చరర్లయిన సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహా వంటి కుర్రాళ్లు ఆ తరగతుల భారం మోశారు.

పదవి ఉండటమూ మనిషి ఉండటమూ ఒకటి కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. రామన్ విషయంలోనూ ఇది చిన్న మోతాదులో కనబడుతుంది. 1921లో విశ్వవిద్యాలయాల సభకు ఇంగ్లండ్ వెళ్లారు. సముద్రపు నీలిరంగు గురించి ఆలోచన మొదలైంది ఆ ప్రయాణంలోనే. 1924లో కెనడాలో బ్రిటిష్ అసోసియేషన్ సభకు వెళ్లి, అటునుంచి కాలిఫోర్నియాలో మిలికన్ దగ్గర కొన్ని నెలలుండి, 1925లో గాని తిరిగి రాలేదు. ఈ కాలమంతా ఆయన పాలిత్ ప్రొఫెసరే. సత్యేంద్రనాథ్ బోస్ కూడా 1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో రీడర్‌గా ఉండగా సెలవు మీద యూరప్ వెళ్లి రెండేళ్లున్నారు. ఐన్‌స్టీన్‌కు ఆయన తన వ్యాసం పంపింది రీడర్‌గా ఉన్నప్పుడే, అప్పటికింకా ప్రొఫెసర్ కాలేదు. తర్వాత వచ్చిన హోదాను వెనక్కి తీసుకెళ్లి పాత సంఘటనకు తగిలించడం మన పత్రికల్లో తరచూ జరిగే పొరపాటు. ఆ సంవత్సరపు సిబ్బంది జాబితా తెరిస్తే అది వెంటనే బయటపడుతుంది.

జీతం ఒకచోట, ప్రయోగశాల ఇంకోచోట ఉంటే క్యాలెండర్ ఆ సంగతి చెప్పదు. రామన్ పేరు చెబితే గుర్తొచ్చే ఆవిష్కరణ 1928 ఫిబ్రవరి 28 నాటిది. అప్పుడాయన హోదా పాలిత్ ప్రొఫెసర్, జీతం విశ్వవిద్యాలయానిది. విశ్వవిద్యాలయ జాబితాను నమ్ముకున్నవారు ఆ ఆవిష్కరణ సైన్స్ కాలేజీ భవనంలో జరిగిందనుకుంటారు. కాని కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి ఆయన నేచర్ పత్రికకు పంపిన లేఖ కింద ఉన్న చిరునామా చూడండి: 210, బౌబజారు వీధి, కలకత్తా. అది అసోసియేషన్ చిరునామా. 1919 నుంచి రామన్ ఆ సంస్థకు గౌరవ కార్యదర్శి. గౌరవ అన్న మాట ఉన్న పదవిని జీతంలేని బాధ్యతగా చదవాలి. ఆయన ఒకే కాలంలో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్, అసోసియేషన్‌లో కార్యదర్శి. రెండు సంస్థల పుస్తకాలూ ఆయన్ను తమవాడిగానే చూపిస్తాయి, రెండూ నిజమే చెబుతాయి. కృష్ణన్ పరిశోధన కూడా ఆ అసోసియేషన్‌లోనే. ఆయన పేరు కోసం విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ల జాబితా తిరగేస్తే ఆశాభంగమే మిగులుతుంది. 1928 చివరలో ఆయన ఢాకాకు రీడర్‌గా వెళ్లారు. అందుకని సిబ్బంది జాబితా పక్కన ఆ శాస్త్రవేత్త అచ్చువేసిన వ్యాసాలను సంవత్సరాల వారీగా పేర్చి, ఒక్కోదాని కింద ఉన్న చిరునామా రాసుకోవాలి. హోదాను జాబితా చెబుతుంది, పని జరిగిన చోటును చిరునామా చెబుతుంది.

మనిషి జాడ తప్పిపోయినప్పుడు పీఠం జాడ పట్టుకోవడం ఇంకో ఉపాయం. నిధితో నడిచే పీఠంలో ఒకసారి ఒక్కరే ఉంటారు. ఒకరు దిగితేనే ఇంకొకరు ఎక్కాలి. కలకత్తా భౌతిక శాస్త్ర పాలిత్ పీఠంలో 1917లో చేరిన రామన్ 1933లో బెంగళూరు వెళ్లిపోయారు. ఆయన తర్వాత ఆ పీఠానికి వచ్చింది ఇందాక చెప్పుకున్న దేవేంద్రమోహన్ బోసే, ఘోష్ పీఠం నుంచి ఇటు మారారు. 1937 నవంబరులో జగదీశ్ చంద్రబోస్ మరణించాక ఆయన స్థాపించిన బోస్ ఇన్‌స్టిట్యూట్‌కు దేవేంద్రమోహన్ డైరెక్టరుగా వెళ్లారు. ఖాళీ అయిన పాలిత్ పీఠంలోకి 1938లో అలహాబాదు నుంచి మేఘనాథ్ సాహా వచ్చారు. ఇలా ఒక చావు, ఒక మార్పు, ఒక రాక గొలుసులా కలుస్తాయి. ఒకరి తేదీ రూఢిగా తెలిస్తే పక్కవారి తేదీకి హద్దు దొరుకుతుంది. సాహా 1936లోనే పాలిత్ ప్రొఫెసర్ అని ఎక్కడైనా కనబడితే, అప్పటికి ఆ కుర్చీ ఖాళీ లేదు కదా అని వెంటనే ఆగిపోవచ్చు.

ఇందులోనూ ఒక ఉచ్చు ఉంది. ‘పాలిత్ ప్రొఫెసర్’ అని మాత్రమే రాసి శాస్త్రం పేరు చెప్పకపోతే మోసపోతాం. రసాయన శాస్త్ర పాలిత్ ప్రొఫెసర్ ప్రఫుల్ల చంద్ర రే. ఆయన 1916లో ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి రిటైరై అక్కడికి వచ్చారు. సాహా కూడా అంతకుముందు, 1921 నుంచి 1923 వరకు, అదే విశ్వవిద్యాలయంలో ఖైరా ప్రొఫెసర్. ఖైరా పీఠం వేరు, పాలిత్ పీఠం వేరు. ‘సాహా కలకత్తాలో ప్రొఫెసర్, 1921 నుంచి’ అని రాసేస్తే మధ్యలో అలహాబాదులో గడిపిన పదిహేనేళ్లు మాయమైపోతాయి. ఒకే ఊరికి రెండుసార్లు వచ్చినవారి విషయంలో ఇది మరీ ఎక్కువగా జరుగుతుంది. అందుకే మొదటి జాబితా, చివరి జాబితా మాత్రమే చూసి మధ్య సంవత్సరాలను ఊహతో నింపకూడదు. వరుసగా ప్రతి ఏడాదిదీ చూడాలి. పని ఎక్కువే, కాని వేరే దారి లేదు.

కొన్నిసార్లు చేతికి దొరికేది అట్ట చిరిగిన పుస్తకం. ముందు పేజీలుండవు, సంవత్సరం తెలియదు. అప్పుడు పేరు ముందూ వెనకా ఉన్న అక్షరాలు ఆదుకుంటాయి. రామన్ 1924లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, అప్పటి నుంచి పేరు వెనక ఎఫ్.ఆర్.ఎస్. చేరింది. 1929లో సర్ బిరుదు వచ్చింది. ఎఫ్.ఆర్.ఎస్. ఉండి సర్ లేని జాబితా దొరికితే అది 1924కూ 1929కీ నడుమదని చెప్పవచ్చు. అదే పేజీలో ఉన్న మరో నలుగురి డిగ్రీలనూ ఇలాగే పరీక్షిస్తే ఆ అయిదేళ్లు ఏడాది, రెండేళ్లకు కుదించుకుపోతాయి. అయితే అక్షరాలు లేకపోవడం కంటే ఉండటం గట్టి సాక్ష్యం. గుమాస్తా కొత్త బిరుదు చేర్చడం మరచిపోవచ్చు గాని రాని బిరుదును ముందుగా వేయడం అరుదు.

పేర్ల దగ్గర మన దక్షిణాదివారికి ప్రత్యేకమైన కష్టం ఉంది. ఇంగ్లీషు అకారాది సూచికలో చంద్రశేఖర వెంకట రామన్‌ను ఆర్ కింద వెతకాలా, వి కిందా, సి కిందా? మూడు చోట్లా వెతకాలి. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి ఇంకా తిరకాసు. ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో సుబ్బారో అయ్యారు. హార్వర్డ్‌లో ఆయన ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన భాస్వరం కొలిచే పద్ధతిని ప్రపంచమంతా ఫిస్క్–సుబ్బారో పద్ధతి అంటుంది. మన లెక్కన అసలు పేరైన సుబ్బారో అక్కడ ఇంటిపేరు స్థానంలోకి వెళ్లింది. ఇలాంటి పేరును ఒక సూచిక ఇంటిపేరు కింద వేస్తుంది, ఇంకో సూచిక అసలు పేరు కింద వేస్తుంది. ఒకచోట కనబడలేదని ఆ ఏడు ఆయన అక్కడ లేరని రాయడం ఘోరమైన తప్పు. సూచికను వదిలేసి ఆ విభాగపు పేజీనే నేరుగా చదవాలి.

ఇప్పుడు పాత కలకత్తా క్యాలెండర్లు చాలావరకు archive.org లో స్కాన్ రూపంలో దొరుకుతున్నాయి. Calcutta University Calendar అని కొట్టి సంవత్సరం చేరిస్తే చాలు. కాని స్కాన్‌లో వెతికే పెట్టెను నమ్ముకోవద్దు. పాత అచ్చు, వెలిసిన సిరా, చుక్కలు పడ్డ కాగితం కారణంగా యంత్రం అక్షరాలను తప్పుగా చదువుతుంది. Raman అన్న పేరు Kaman గానో Ramau గానో మారితే వెతుకులాటలో దొరకదు. విషయ సూచికలో ప్రొఫెసర్ల జాబితా ఏ పేజీలో ఉందో చూసి, అక్కడికెళ్లి కళ్లతో చదవడమే సరైన పద్ధతి. స్కాన్‌కు సైట్‌లో పెట్టిన శీర్షికలో సంవత్సరం తప్పుండే అవకాశం కూడా ఉంది. అందుకే లోపలి ముఖపత్రం తప్పక చూడాలి.

రామన్ కథలో మిగిలింది బెంగళూరు. 1933లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా, భౌతిక శాస్త్ర ప్రొఫెసరుగా వెళ్లారు. ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరు ఆయనే. 1937లో డైరెక్టరు పదవి వదిలారు, ప్రొఫెసరుగా మాత్రం 1948 దాకా ఉన్నారు. ‘1933–1948 డైరెక్టరు’ అని ఎవరైనా రాస్తే, రెండు హోదాలను ఒకే పంక్తిలో కుక్కారన్నమాట. ఒక మనిషికి ఒకే సంస్థలో రెండు పదవులుంటే రెండు వరుసలు రాయాలి, ప్రతిదానికీ దాని తేదీలుండాలి.

ఇదే పద్ధతిలో మన సూరి భగవంతంగారి జాడ తీసి చూడండి. గుడివాడలో 1909లో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరారు. అది అసోసియేషన్‌లో పరిశోధన కాబట్టి అక్కడి నివేదికల్లో వెతకాలి. 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్చరర్ అయ్యారు, 1938లో ప్రొఫెసర్. తర్వాత లండన్‌లో శాస్త్ర విషయాల ప్రతినిధి ఉద్యోగం, 1949లో ఉస్మానియా, 1952 నుంచి 1957 వరకు అక్కడే వైస్ చాన్సలర్. 1957లో రామన్ ఒకప్పుడు కూర్చున్న బెంగళూరు డైరెక్టరు కుర్చీ. 1961లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు, బెంగళూరు పదవి 1962 దాకా ఉంది. అంటే 1961–62లో రెండు పదవులూ కలిసి నడిచాయి. ఈ ఒక్క మనిషి కోసం కలకత్తా, వాల్తేరు, లండన్, హైదరాబాదు, బెంగళూరు, ఢిల్లీ కాగితాలు చూడాలి. ఆ వరుసలో వాల్తేరు, హైదరాబాదు కాగితాలను కాపాడుకోవలసింది మనం.

నాకు బాధ కలిగించే సంగతి ఇదే. కలకత్తా క్యాలెండర్లు ఇంట్లో కూర్చుని చదవగలుగుతున్నాం. మన కాలేజీల పాత సిబ్బంది జాబితాలు, వార్షికోత్సవ నివేదికలు, మ్యాగజైన్లు బీరువాల వెనక చెదపట్టిపోతున్నాయి. కొన్నిచోట్ల తూకానికి అమ్మేస్తున్నారు. రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీలో గణితం, భౌతిక శాస్త్రం చెప్పారు. కుటుంబం అక్కడికి వచ్చింది 1892లో. రామన్ కూడా ఆ కాలేజీలో చదివారు. ఇలాంటి లెక్చరర్లు వందేళ్లకు పైగా మన ఊళ్లలో పాఠాలు చెప్పారు. వారిలో చాలామందికి జీవిత చరిత్రలు లేవు. వారు ఏ ఏడు ఎక్కడున్నారో చెప్పే సాక్ష్యం ఆ జాబితాలోని ఒక్క పంక్తే.

మీరు చదివిన కాలేజీలోనో, మీ ఇంటి అటకమీదో పాత క్యాలెండరు, మ్యాగజైను, సిబ్బంది ఫోటో కింద పేర్ల పట్టీ కనబడితే దయచేసి పారేయకండి. జాబితా పేజీ ఒక్కటే ఫోటో తీసి ఊరుకోవద్దు. ముఖపత్రం, సంవత్సరం ఉన్న పేజీ, ముందుమాట కింద తేదీ ఉంటే అదీ కలిపి తీయండి. తేదీ లేని జాబితా సగం సాక్ష్యమే. ఆ ఫోటోలు ఒక ప్రతి కాలేజీ లైబ్రరీకి, ఒక ప్రతి మీ జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి. అసలు పుస్తకం ఎవరి దగ్గరుందో ఆ ప్రతి మీద రాసిపెట్టండి.